ఐక్యూ రిపోర్టులో ‘పర్సెంటైల్ 7’ అంటే నూటికి ఏడు మార్కులు కాదు

శావల్యాపురంలో ఉండే ఒక కుటుంబాన్ని ఉదాహరణకు తీసుకుందాం. బాబు నాలుగో తరగతి. చెప్పిన పాఠం అప్పుడు అర్థమైనట్టే ఉంటుంది, మర్నాటికి గుర్తుండదు. స్కూల్లో టీచరు సలహా ఇస్తే తండ్రి గుంటూరు తీసుకెళ్లి సైకాలజిస్టు దగ్గర తెలివితేటల పరీక్ష చేయించాడు. వారం తర్వాత నాలుగు పేజీల రిపోర్టు చేతికొచ్చింది. అందులో ఒక వరుస ఇలా ఉంది: మొత్తం ఐక్యూ 78, పర్సెంటైల్ 7, 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ 74–83.

ఇంటికొచ్చాక బాబు తల్లి అడిగిన మొదటి మాట, “నూటికి ఏడేనా వచ్చింది?” అని. తండ్రికి ఏం చెప్పాలో తోచలేదు. పైన 78 ఉంది, పక్కనే 7 ఉంది. మార్కుల లెక్కలో చూస్తే 78 వచ్చినవాడు ఫస్ట్‌క్లాసు, 7 వచ్చినవాడు ఫెయిలు. ఒకే పిల్లాడు రెండూ ఎలా అవుతాడు?

విషయం ఏమిటంటే ఇవి రెండూ మార్కులు కావు. బాబు ఎన్నిటికి సరైన జవాబు చెప్పాడో ఆ సంఖ్యను రా స్కోరు అంటారు. దాన్ని పట్టుకుని ఏమీ తేల్చలేం, ఎందుకంటే పదమూడేళ్ల పిల్లాడు ఆరేళ్ల పిల్లాడికంటే ఎక్కువ చెప్పడం మామూలే. అందుకని ఆ సంఖ్యను అదే వయసు పిల్లల పట్టికతో పోల్చి స్టాండర్డ్ స్కోరుగా మారుస్తారు. మన దగ్గర వాడే వెక్స్‌లర్ పరీక్షలో ఆ వయసు పిల్లల సగటును 100గా పెట్టారు. పిల్లలు ఆ సగటు నుంచి అటూ ఇటూ ఎంత దూరం పరుచుకుని ఉంటారో కొలిచే మెట్టు 15. పిల్లల్లో మూడింట రెండొంతుల మంది 85కీ 115కీ మధ్యే ఉంటారు. బాబు 78 అంటే సగటుకంటే ఒకటిన్నర మెట్టు కింద అన్నమాట.

ఆ 78నే ఇంకో రకంగా చెప్పేది పర్సెంటైల్. అదే వయసు పిల్లల్ని వంద మందిని తక్కువ నుంచి ఎక్కువకు వరుసగా నిలబెడితే, సుమారు ఏడుగురు బాబుకంటే వెనక, మిగతావాళ్లు ముందు ఉంటారు. అంతే. ఏడు శాతం తెలివి ఉందనీ కాదు, ఏడు ప్రశ్నలకే జవాబు చెప్పాడనీ కాదు. సరిగ్గా సగటున ఉన్న పిల్లాడి పర్సెంటైల్ 50. ఇది తెలియక 50 చూసి “సగమే వచ్చిందా” అని బాధపడే తల్లిదండ్రులూ ఉంటారు.

పర్సెంటైల్‌లో ఇంకో చిక్కుంది. వరుస మధ్యలో పిల్లలు కిక్కిరిసి ఉంటారు, చివర్లలో పలచగా ఉంటారు. అందుకే స్కోరు 100 నుంచి 107కి పెరిగితే పర్సెంటైల్ 50 నుంచి 68కి దూకుతుంది. అదే ఏడు పాయింట్లు 78 నుంచి 85కి పెరిగితే 7 నుంచి 16కి మాత్రమే వెళ్తుంది. ఇద్దరు పిల్లల మధ్యగానీ, రెండు రిపోర్టుల మధ్యగానీ తేడా చూడాలంటే స్టాండర్డ్ స్కోరుతో చూడాలి, పర్సెంటైల్‌తో కాదు.

ఇక మూడో ముక్క, 74–83. నిజానికి రిపోర్టులో ఎక్కువ విలువైనది ఇదే, కానీ అందరూ దాటేసి వెళ్లేదీ ఇదే. ఏ పరీక్షా తూకంరాయిలా కచ్చితంగా ఉండదు. బాబు ఆ రోజు పొద్దున్నే బస్సెక్కి అలసిపోయి ఉండొచ్చు, రెండు చోట్ల ఊహించి చెప్పింది తగిలి ఉండొచ్చు. ఇంకో రోజు చేస్తే 76 రావచ్చు, 81 రావచ్చు. ఆ ఊగిసలాటను లెక్కగట్టి, అసలు స్కోరు ఈ హద్దుల మధ్య ఉందని నమ్మకంగా అనుకోవచ్చు అని చెప్పేదే కాన్ఫిడెన్స్ ఇంటర్వల్. ఇలా కట్టిన హద్దులు వందలో 95 సార్లు అసలు స్కోరును పట్టుకుంటాయి. 78 నుంచి కిందికి 4, పైకి 5 ఉండటం అచ్చుతప్పు కాదు. బాగా తక్కువ వచ్చిన స్కోరులో కొంత దురదృష్టం కూడా కలిసి ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి లెక్క సగటు వైపు కాస్త జరుగుతుంది.

ఈ హద్దులు ఎక్కడ అక్కరకొస్తాయంటే, 70 గీత దగ్గర. మేధో వైకల్యం గురించి మాట్లాడేటప్పుడు చూసే గీత సుమారుగా అదే. ఈ బాబు హద్దులు పూర్తిగా 70కి పైనే ఉన్నాయి. కానీ ఇంకో పిల్లాడికి 72 వచ్చి, హద్దులు 68–77 ఉంటే? అప్పుడు “72 కాబట్టి ఏమీ లేదు” అని ఒక్క అంకెతో తేల్చకూడదు. 69 వచ్చినవాడికి “ఉంది” అని ముద్ర వేయడమూ అంతే తప్పు. పిల్లాడు సొంతంగా స్నానం, బట్టలు, కొట్టుకెళ్లి చిల్లర సరిచూసుకుని రావడం లాంటివి వయసుకు తగ్గట్టు చేస్తున్నాడా అని విడిగా కొలవాలి. మన దగ్గర అందుకు వైన్‌ల్యాండ్ స్కేలు వాడతారు. రెండూ తక్కువగా ఉంటేనే ఆ మాట అనాలి.

మొత్తం స్కోరు కింద నాలుగు భాగాల స్కోర్లు ఉంటాయి. ఈ బాబుకు మాటలతో ఆలోచించే భాగంలో 75, హద్దులు 70–83. బొమ్మలు, దిమ్మెలతో ఆలోచించే భాగంలో 92, హద్దులు 85–100. రెండు హద్దులూ ఒకదాన్నొకటి తాకడం లేదు కాబట్టి ఈ తేడా నిజమైనదే. మిగతా రెండు భాగాల్లో 77, 83 వచ్చాయి గానీ వాటి హద్దులు బాగా కలిసిపోయాయి, ఆ ఆరు పాయింట్ల తేడాను పట్టించుకోనక్కర్లేదు.

మరి మాటల భాగమే ఎందుకు తగ్గింది? ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, స్కూల్లో ఇంగ్లిష్ పుస్తకం. పదాలకు అర్థం చెప్పమన్నప్పుడు బాబుకు ఉర్దూలో తెలిసి, అడిగిన భాషలో తెలియకపోతే అది తెలివి తక్కువ కాదు, భాష తక్కువ. ప్రశ్నలు ఏ భాషలో అడిగారు, ఉర్దూలో చెప్పిన జవాబును ఒప్పుకున్నారా అని సైకాలజిస్టును అడగాలి. ఆ సమాధానం రిపోర్టులో రాసి లేకపోతే 75ను, దానివల్ల తగ్గిన 78ను కూడా జాగ్రత్తగానే తీసుకోవాలి.

రిపోర్టు మొదటి పేజీలో పుట్టినతేదీ కూడా చూసుకోవాలి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది, కాదు. స్కూల్లో చేర్చేటప్పుడు ఒక ఏడాది ఎక్కువ వేయించిన తేదీయే ఆధార్‌లోనూ ఎక్కితే, తొమ్మిదేళ్ల బాబును పదేళ్ల పిల్లలతో పోల్చినట్టవుతుంది. జవాబులు అవే ఉన్నా స్కోరు కిందికి పోతుంది. ఆసుపత్రి ఇచ్చిన జనన పత్రం చూపించి అసలు తేదీ చెబితే, పరీక్ష మళ్లీ పెట్టకుండానే అవే జవాబులను సరైన వయసు పట్టికలో చూసి స్కోరు మార్చగలరు.

ఏ పరీక్ష చేశారో పేరూ చూడాలి. బినె–కామత్ పరీక్షలో ఐక్యూ కట్టే పద్ధతి వేరు. మానసిక వయసును అసలు వయసుతో భాగించి వందతో గుణిస్తారు. తొమ్మిదేళ్ల పిల్లాడు ఏడేళ్ల స్థాయిలో చేస్తే దాదాపు 78 వస్తుంది. అంకె అదే అయినా పైన చెప్పిన 15 మెట్టు, పర్సెంటైల్ 7 దానికి అలాగే అంటించకూడదు. మాలిన్ పరీక్ష పట్టికలేమో 1960ల నాటివి. పాత పట్టికతో పోలిస్తే నేటి పిల్లల స్కోరు ఉన్నదానికంటే పెద్దగా కనిపించే వీలుంది. పోయినేడు ఒక పరీక్షలో 86, ఈ ఏడు ఇంకోదాంట్లో 78 వస్తే పిల్లాడు ఎనిమిది పాయింట్లు దిగజారాడని అనుకోవద్దు.

అనుమానం తీరక వెంటనే మళ్లీ అదే పరీక్ష పెట్టించినా లాభం లేదు. ప్రశ్నలు ఒకసారి చూసిన అలవాటుతోనే స్కోరు పెరుగుతుంది. సాధారణంగా ఏడాదైనా ఆగమంటారు. ఈలోగా ఈ తండ్రి స్కూలుకు తీసుకెళ్లాల్సింది 78 అంకెను కాదు, 75కీ 92కీ మధ్య ఉన్న తేడాను. నోటితో చెప్పి వదిలేయకుండా బోర్డు మీద బొమ్మ గీసి, చేతికి వస్తువు ఇచ్చి లెక్క చెబితే ఈ బాబుకు ఎక్కుతుందేమో చూడమని టీచరును అడగొచ్చు.