డైరెక్టర్ రాజీనామా: ఉత్తరం నుంచి ఆర్‌వోసీ రికార్డు దాకా

ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలో డైరెక్టర్ పదవి వదులుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. కంపెనీల చట్టం, 2013లోని 168వ సెక్షన్ ప్రకారం డైరెక్టర్ రాతపూర్వకంగా కంపెనీకి నోటీసు ఇస్తే చాలు. బోర్డు దాన్ని ఆమోదించాలని గానీ తిరస్కరించవచ్చని గానీ చట్టంలో లేదు. నోటీసు అందిన సంగతి నమోదు చేసుకోవడమే బోర్డు పని. ‘మేం ఇంకా ఒప్పుకోలేదు’ అని మిగతా డైరెక్టర్లు అన్నంత మాత్రాన రాజీనామా ఆగదు. ఇబ్బందంతా ఆ తర్వాతే మొదలవుతుంది. పదవి పోయినా రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్ రికార్డులో పేరు అలాగే ఉండిపోతే బ్యాంకులూ పన్ను అధికారులూ అప్పులిచ్చినవారూ ఆ మనిషినే వెతుక్కుంటూ వస్తారు.

రాజీనామా ఏ రోజు నుంచి చెల్లుతుందన్నది మొదట తేల్చుకోవాలి. నోటీసు కంపెనీకి అందిన తేదీ, నోటీసులో రాసిన తేదీ, ఈ రెండింటిలో ఏది తర్వాతదైతే అదే లెక్క. విజయవాడ ఆటోనగర్‌లో ముగ్గురు డైరెక్టర్లున్న ఒక చిన్న కంపెనీని ఊహించుకుందాం. ఒకరు జూన్ 10న ఉత్తరం రాసి, జూన్ 30 నుంచి తప్పుకుంటున్నట్టు పేర్కొన్నారు. స్పీడ్ పోస్టులో అది జూన్ 14న రిజిస్టర్డ్ ఆఫీసుకు చేరింది. పదవి జూన్ 30న ముగుస్తుంది. ఉత్తరంలో తేదీ ఏమీ రాయకపోతే జూన్ 14నే ముగిసేది. ‘మే 1 నుంచి రాజీనామా’ అని వెనక తేదీ వేసినా జూన్ 14కు ముందుకు జరగదు. పాత బాకీల నుంచి తప్పించుకుందామని వెనక తేదీ వేసేవారున్నారు గానీ, దానివల్ల ఒరిగేదేమీ లేదు.

అందువల్ల ఉత్తరం అందినట్టు రుజువు ఉండడం ఉత్తరమంత ముఖ్యం. తోటి డైరెక్టర్ ఫోనుకు వాట్సాప్‌లో పంపి ఊరుకోవడం తగదు. కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు స్పీడ్ పోస్టులో పంపి రసీదూ డెలివరీ వివరాలూ దాచుకోవాలి. అదే ప్రతిని కంపెనీ అధికారిక ఈమెయిల్‌కూ పంపాలి. చేతికిస్తే నకలు మీద సంతకం, ముద్ర, తేదీ వేయించుకోవాలి.

ఉత్తరం పొడుగ్గా ఉండనక్కరలేదు. పైన తేదీ, కంపెనీ పేరు, నమోదు సంఖ్య, రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, బోర్డుకు సంబోధన ఉంటాయి. అసలు విషయం ఇలా సాగవచ్చు:

‘ఈ కంపెనీ డైరెక్టర్ పదవికి నేను రాజీనామా చేస్తున్నాను. జూన్ 30 పని వేళలు ముగిసిన తర్వాత ఇది అమల్లోకి వస్తుంది. వ్యక్తిగత కారణాల వల్ల ఈ నిర్ణయం తీసుకున్నాను. ఈ నోటీసును బోర్డు నమోదు చేసి, గడువులోగా రిజిస్ట్రార్‌కు DIR-12 ఫారం దాఖలు చేసి, దాని నకలు నాకు పంపగలరు. నా వద్ద ఉన్న కంపెనీ పత్రాలు, వస్తువుల జాబితా జతచేశాను.’

కింద పేరు, డైరెక్టర్ గుర్తింపు సంఖ్య అయిన డిన్, సంతకం. లెక్కల్లో తేడాల వల్లనో, తనకు తెలియకుండా తీసుకున్న అప్పు వల్లనో తప్పుకుంటున్నప్పుడు మాత్రం ‘వ్యక్తిగత కారణాలు’ అని రాసి సరిపెట్టడం మంచిది కాదు. రేపు విచారణ వస్తే ఆ మాటే ఎదురుతిరుగుతుంది. ఏ సమావేశంలో ఏ విషయంపై అభ్యంతరం చెప్పారో నిందలు లేకుండా రెండు మూడు వాక్యాల్లో రాస్తే చాలు. జీతంపై మేనేజింగ్ డైరెక్టర్‌గానో ఉద్యోగిగానో కూడా పనిచేస్తుంటే ఆ హోదా సంగతి విడిగా చెప్పాలి. దానికి నియామక ఒప్పందంలోని నోటీసు గడువు వేరుగా ఉండవచ్చు. వాటాలు మాత్రం రాజీనామాతో పోవు. వాటి బదిలీ వేరే వ్యవహారం.

ప్రైవేట్ కంపెనీకి కనీసం ఇద్దరు డైరెక్టర్లు ఉండాలి. ఇద్దరే ఉన్నచోట ఒకరు తప్పుకుంటే బోర్డు సమావేశానికి కోరం ఉండదు. మిగిలినవారు కొత్త డైరెక్టర్‌ను చేర్చుకోవడానికో సర్వసభ్య సమావేశం పిలవడానికో తప్ప మరే పనీ చేయలేరు. ఇలాంటి కంపెనీల్లో ముందు కొత్తవారిని నియమించి, ఆ తర్వాత రాజీనామా అమల్లోకి వచ్చేలా తేదీ చూసుకోవడం ఇరువర్గాలకూ మేలు.

అప్పగింతలో అందరూ మరిచిపోయేది డిజిటల్ సంతకం. పెన్‌డ్రైవ్‌లా ఉండే ఆ టోకెన్ చాలా కంపెనీల్లో అకౌంటెంట్ సొరుగులోనే ఉంటుంది. అది డైరెక్టర్ సొంత సంతకం. వెళ్లేటప్పుడు దాన్ని తప్పక వెనక్కి తీసుకోవాలి. లేకపోతే పదవిలో లేని మనిషి పేరిట ఫారాలు దాఖలయ్యే ప్రమాదముంది. ముందే సంతకం చేసి ఉంచిన ఖాళీ చెక్కులను రద్దు చేయించాలి. బ్యాంకు ఖాతాలో సంతకందారుగా పేరు తొలగించమని కంపెనీ చేత తీర్మానం చేయించడమే కాక, తానూ బ్యాంకుకు విడిగా ఉత్తరం ఇవ్వాలి. జీఎస్టీ నమోదులో ఉన్న పేరునూ మార్పించాలి. మినిట్స్ పుస్తకాలు, రిజిస్టర్లు, ఒప్పందాలు, తాళాలు, పాస్‌వర్డ్‌లు ఏవేవి ఇచ్చారో రెండు ప్రతుల జాబితాగా రాసి ఇరుపక్షాలూ సంతకాలు చేస్తే తర్వాత ‘ఫలానా ఫైలు మీ దగ్గరే ఉంది’ అన్న మాట రాదు.

రిజిస్ట్రార్‌కు తెలియజేసే బాధ్యత కంపెనీది. తెలంగాణ కంపెనీలకు హైదరాబాద్‌లోనూ ఆంధ్రప్రదేశ్ కంపెనీలకు విజయవాడలోనూ ఆర్‌వోసీ ఉన్నా, దాఖలు mca.gov.in పోర్టల్‌లోనే జరుగుతుంది. నోటీసు అందిన 30 రోజుల్లో కంపెనీ DIR-12 వేయాలి. పై ఉదాహరణలో నోటీసు అందింది జూన్ 14న గనుక గడువు జూలై 14. పదవి ముగిసేది జూన్ 30న కాబట్టి నిజానికి మిగిలేది రెండు వారాలే. గడువు దాటితే ఆలస్యాన్ని బట్టి అదనపు ఫీజు పెరుగుతూ పోతుంది. తర్వాతి సర్వసభ్య సమావేశానికి సమర్పించే బోర్డు నివేదికలోనూ రాజీనామా విషయం చేర్చాలి.

కంపెనీ ఆ ఫారం వేయకపోతే? వెళ్లిపోయిన డైరెక్టర్‌కు DIR-11 ఉంది. రాజీనామా తేదీ నుంచి 30 రోజుల్లో, ఇక్కడ జూలై 30లోగా, ఉత్తరాన్నీ పంపినట్టు రుజువునూ కారణాలనూ జతచేసి తానే రిజిస్ట్రార్‌కు పంపవచ్చు. 2018 మే వరకు ఇది తప్పనిసరిగా ఉండేది, ఇప్పుడు ఐచ్ఛికం. అయినా విభేదాలతో వెళ్లేవారు దీన్ని వదులుకోకూడదు. అయితే DIR-11 ఒక్కదానితో పోర్టల్‌లోని డైరెక్టర్ల జాబితా మారుతుందని అనుకోకూడదు. పేరు తొలగేది DIR-12తోనే. నెలన్నర తర్వాత పోర్టల్‌లో కంపెనీ వివరాలు తెరిచి చూస్తే పేరుందో లేదో తెలుస్తుంది. ఇంకా ఉంటే కంపెనీకి గుర్తుచేస్తూ, DIR-11 రసీదు జతపరిచి రిజిస్ట్రార్‌కు ఫిర్యాదు చేయాలి.

ఈ కాగితాల విలువ చెక్కు బౌన్స్ కేసుల్లో తెలుస్తుంది. 2011లో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసులో, చెక్కులు ఇవ్వడానికి కొన్నేళ్ల ముందే తప్పుకున్న డైరెక్టర్‌ను కూడా నిందితురాలిగా చేర్చారు. రిజిస్ట్రార్ ధ్రువీకరించి ఇచ్చిన కంపెనీ వార్షిక రిటర్న్ నకలులో ఆమె పేరు లేకపోవడాన్ని ఆధారంగా తీసుకుని కోర్టు ఆమెపై కేసు కొట్టేసింది.

పదవిలో ఉన్న కాలంలో జరిగిన నేరాలకు మాత్రం రాజీనామా తర్వాత కూడా బాధ్యత ఉంటుందని 168వ సెక్షనే చెబుతోంది. ప్రైవేట్ కంపెనీ చెల్లించని ఆదాయపు పన్ను ఆ డైరెక్టర్ ఉన్న సంవత్సరాలది అయితే, బకాయి వసూలు కాకపోవడానికి తన నిర్లక్ష్యం కారణం కాదని ఆయనే నిరూపించుకోవాలి. కంపెనీ అప్పుకు ఇచ్చిన వ్యక్తిగత హామీ కూడా దానంతటది రద్దు కాదు. బ్యాంకు వేరే హామీదారును ఒప్పుకుని విడుదల పత్రం రాసిచ్చేదాకా ఆ సంతకం చెల్లుతూనే ఉంటుంది. కాబట్టి రాజీనామా తేదీ ఖరారు చేసుకునే ముందే బ్యాంకుతో ఆ సంగతి మాట్లాడుకోవాలి.