‘టు’ తర్వాత మీటా, మీటింగా?

ఉద్యోగానికి దరఖాస్తు పంపే మెయిల్ అడుగున, ఇంటర్వ్యూ తేదీ ఖరారైందన్న కబురుకు రాసే జవాబులో, విదేశం నుంచి వస్తున్న బంధువుకు పంపే సందేశంలో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’. రాసినవాళ్ల ఉద్దేశం చదివేవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. మర్యాదకు లోటేమీ లేదు. తప్పల్లా ‘మీట్’ దగ్గరే ఉంది. అక్కడ ‘మీటింగ్’ ఉండాలి: ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ’.

ఈ తప్పు వ్యాకరణం పట్టనివాళ్లు చేసేది కాదు. బడిలో చెప్పిన ఒక నియమాన్ని మరీ శ్రద్ధగా గుర్తుపెట్టుకున్నవాళ్లే చేస్తారు. ‘టు’ వస్తే దాని వెనక క్రియ మొదటి రూపమే రావాలని మనకు చిన్నప్పుడే నేర్పేశారు. వాంట్ టు గో, హోప్ టు సీ, ప్లాన్ టు బై అంటూ వందలసార్లు రాయించారు. అలా అలవాటైన చెయ్యి ‘ఫార్వర్డ్ టు’ దాకా రాగానే తనంతట తానే ‘మీట్’ అని రాసేస్తుంది. ‘టు మీటింగ్’ అనేది చెవికి ఎబ్బెట్టుగా కూడా వినిపిస్తుంది. మన తెలుగు కూడా కాస్త చెయ్యి కలుపుతుందని నా అనుమానం. ‘కలవాలని ఉంది’, ‘కలవాలని ఆశిస్తున్నాను’, ‘కలవాలని ఎదురుచూస్తున్నాను’ అన్న మూడింటికీ మనకు సరిపోయేది ఒక్క ‘కలవాలని’. మొదటి రెండింటికీ ఇంగ్లిష్‌లో ‘టు మీట్’ అంటున్నాం కదా, మూడోదానికి మాత్రం ఎందుకు కాదనిపించడం సహజం. అయితే ఇది మనవాళ్లకే పరిమితమైన తప్పు కాదు. ఇంగ్లిష్‌ను రెండో భాషగా నేర్చుకున్న ఎన్నో దేశాలవాళ్లు ఇక్కడే తడబడతారు.

అసలు చిక్కంతా ఎక్కడంటే, ఇంగ్లిష్‌లో ‘టు’ ఒకటి కాదు, రెండు. రాతలో, పలుకులో రెండూ ఒకటే అయినా చేసే పని వేరు. ‘ఐ వాంట్ టు మీట్ యూ’లోని ‘టు’కు సొంత అర్థమంటూ ఏమీ లేదు. వెనక వచ్చేది క్రియ అని సూచించే గుర్తు మాత్రమే. ‘ఐ వెంట్ టు విజయవాడ’లోని ‘టు’ అలా కాదు. అది మన ‘కి’, ‘కు’ల లాంటిది. దాని వెనక నామవాచకమే రావాలి, క్రియ నేరుగా రాకూడదు. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు’లో ఉన్నది ఈ రెండో ‘టు’. అందుకే ‘లుకింగ్ ఫార్వర్డ్ టు ది వెడ్డింగ్’, ‘లుకింగ్ ఫార్వర్డ్ టు సంక్రాంతి’ అని ఏ ఇబ్బందీ లేకుండా అంటాం. పెళ్లి, సంక్రాంతి నామవాచకాలు. కలవడం అనే పనిని అదే చోట కూర్చోబెట్టాలంటే ముందు దాన్ని నామవాచకంగా మార్చుకోవాలి. ఇంగ్లిష్‌లో ఆ పని చేసేది ఇంగ్ రూపం.

రెండు వేర్వేరు పనులకు ఒకే మాట ఎలా వచ్చిందంటే, ఒకప్పుడు ఆ రెండూ ఒకటే కనుక. వెయ్యేళ్ల కిందటి ప్రాచీన ఆంగ్లంలో ‘స్వారీ చేయడానికి’ అనాలంటే ‘టో రీడన్నె’ అనేవారు. ‘టో’ అప్పుడు మామూలు విభక్తి లాంటి మాటే. దాని వెనక వచ్చే క్రియారూపానికి ‘కి’ అర్థమిచ్చే ప్రత్యయం అంటుకుని ఉండేది. కాలక్రమంలో ఆ చివరి ప్రత్యయం అరిగి రాలిపోయింది. మిగిలిన ‘టు’ అర్థం కోల్పోయి, క్రియకు ముందు నిలబడే ఉత్త గుర్తుగా మారింది. ఇంగ్ రూపం వచ్చిన దారి వేరు. అది మొదటి నుంచీ నామవాచకమే. ‘చదువు, విద్య’ అనే అర్థంలో ‘లెయోర్నుంగ్’ అనే పాత మాట ఉండేది. నేటి ‘లెర్నింగ్’ దాని వారసురాలే.

ఇంగ్ రూపం నామవాచకమని నమ్మడానికి తెలుగువాళ్లకు ప్రాచీన ఆంగ్లం దాకా పోవాల్సిన పని కూడా లేదు. ‘కోచింగ్‌కి వెళ్తున్నాడు’, ‘పార్కింగ్‌లో పెట్టాను’, ‘ట్రైనింగ్‌తో సరిపెట్టారు’ అని రోజూ అంటూనే ఉన్నాం. కి, లో, తో వాటికి హాయిగా అతుక్కుంటున్నాయి. పైగా ఇదే ఏర్పాటు మన భాషలోనూ ఉంది. క్రియకు ‘-డం’ చేర్చి నామవాచకం చేసుకుంటాం, ఆ తర్వాతే విభక్తి తగిలిస్తాం: కలవడంలో, కలవడంతో, కలవడం వల్ల. మధ్యలో ‘-డం’ లేకుండా ‘కలువులో’, ‘కలువువల్ల’ అని పసిపిల్లలు కూడా అనరు. ఇంగ్లిష్‌లో ఇన్, ఆఫ్, విత్, ఫర్, రెండో ‘టు’ వచ్చిన ప్రతిచోటా జరిగేది ఇదే.

ఇంకో పోలిక కూడా ఉంది. ‘కలవడం’ నామవాచకమైనా తన కర్మను వదులుకోదు. ‘మిమ్మల్ని కలవడం’ అంటాం. ‘మీటింగ్ యూ’లో ‘యూ’ కూడా అలా నిలిచి ఉన్నదే. రూపంలో నామవాచకం, లోపల క్రియ.

మరి రాసేటప్పుడు ఎదురైంది ఏ ‘టు’ అని ఎలా పోల్చుకోవాలి? ఒక సులువైన పరీక్ష ఉంది. ‘టు’ వెనక క్రియ తీసేసి ‘ఇట్’ పెట్టి చూడండి. ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్’ చక్కగా ఉంది, అంటే ఇది రెండో ‘టు’, ఇంగ్ రూపం కావాలి. ‘ఐ వాంట్ టు ఇట్’, ‘ఐ హోప్ టు ఇట్’ కుదరవు, అంటే అక్కడ మొదటి రూపమే. ఈ పరీక్షను చాలామంది గొప్ప మంత్రంలా చెబుతారు గాని, అది ఒక వైపే గట్టిగా పనిచేస్తుంది. ‘ఇట్’ కుదరకపోతే మొదటి రూపమేనని నిశ్చింతగా రాయొచ్చు. కుదిరితే మాత్రం కాస్త ఆగాలి. ‘దే ఇన్వైటెడ్ మీ టు ఇట్’ అనొచ్చు, ‘దే ఇన్వైటెడ్ మీ టు స్పీక్’ అనీ అనొచ్చు. రెండూ సరైనవే, ఎందుకంటే ఇన్వైట్ అనే క్రియ రెండు ‘టు’లనూ రానిస్తుంది. అగ్రీ కూడా అంతే. లుక్ ఫార్వర్డ్ అలా రానివ్వదు. దానికి తెలిసింది రెండో ‘టు’ ఒక్కటే.

ఇంట్రస్టెడ్ సంగతి ఇంకాస్త మెలికగా ఉంటుంది. ‘నేర్చుకోవడంలో ఆసక్తి ఉంది’ అని మనం ‘లో’ వాడినట్టే ఇంగ్లిష్ ‘ఇన్’ వాడుతుంది కనుక, ‘ఇంట్రస్టెడ్ ఇన్ లెర్నింగ్’ మనకు కష్టం కాకూడదు. అయినా ‘ఐ యామ్ ఇంట్రస్టెడ్ టు జాయిన్ యువర్ కంపెనీ’ అనే వాక్యం దరఖాస్తుల్లో మామూలైపోయింది. ‘ఇంట్రస్టెడ్ ఇన్ జాయినింగ్’ అని దిద్దాలి. అలాగని ‘ఇంట్రస్టెడ్ టు’ కనిపించిన ప్రతిచోటా ఎర్రగీత పెట్టేస్తే మంచి వాక్యాలకూ దెబ్బ తగులుతుంది. ‘ఐ వుడ్ బి ఇంట్రస్టెడ్ టు నో యువర్ ఒపీనియన్’ నిక్షేపంగా ఉంది. ‘ఐ వాజ్ ఇంట్రస్టెడ్ టు హియర్ దట్ యూ హావ్ మూవ్డ్ టు వైజాగ్’ కూడా అంతే. నో, హియర్, సీ, రీడ్, లెర్న్ లాంటి, సమాచారం చెవినో కంటనో పడటాన్ని చెప్పే క్రియలతో ‘టు’ నడుస్తుంది. అక్కడ చెబుతున్నది ఒక పని చేయాలన్న ఆసక్తి కాదు, ఒక సంగతి తెలిసినప్పుడు కలిగే ఆసక్తి. ‘లెర్న్’ అనే ఒక్క మాటలోనే ఈ తేడా చూడొచ్చు. ‘ఐ యామ్ ఇంట్రస్టెడ్ ఇన్ లెర్నింగ్ మ్యూజిక్’ అంటే సంగీతం నేర్చుకోవాలని ఉంది. ‘ఐ వాజ్ ఇంట్రస్టెడ్ టు లెర్న్ దట్ హి సింగ్స్’ అంటే అతను పాడతాడని తెలిసి ఆసక్తి కలిగింది. ఉద్యోగంలో చేరడం, ఇల్లు కొనడం, కోర్సు చదవడం పనులు కాబట్టి వాటికి ‘ఇన్’ తప్పదు.

ఇప్పుడు నమూనాకు ఒక చిన్న మెయిల్ తీసుకుందాం. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం కోసం ఒక కొత్త పట్టభద్రుడు రాశాడనుకోండి: ‘ఐ యామ్ ఇంట్రస్టెడ్ టు వర్క్ ఇన్ యువర్ టీమ్. ఐ వాంట్ టు లెర్న్ టెస్టింగ్. ఐ యామ్ యూజ్డ్ టు వర్క్ ఇన్ నైట్ షిఫ్ట్స్. లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ. లుకింగ్ ఫార్వర్డ్ ఫర్ యువర్ రిప్లై.’

మొదటి వాక్యంలో చెబుతున్నది పని చేయాలన్న ఆసక్తి, కనుక ‘ఇంట్రస్టెడ్ ఇన్ వర్కింగ్’. రెండోదాన్ని ముట్టుకోకూడదు. ‘వాంట్ టు ఇట్’ అనలేం కదా, ‘లెర్న్’ సరిగ్గానే ఉంది. మూడోది ప్రమాదకరం. అతను చెప్పదలచుకున్నది రాత్రి షిఫ్టుల్లో పనిచేయడం తనకు అలవాటేనని. ‘యూజ్డ్ టు ఇట్’ కుదురుతుంది, కాబట్టి ‘ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్’ అనాలి. ఇక్కడ తప్పు తోచి ‘వర్క్’ను అలాగే ఉంచి ‘యామ్’ తీసేశాడో, అర్థమే తిరగబడుతుంది. ‘ఐ యూజ్డ్ టు వర్క్ ఇన్ నైట్ షిఫ్ట్స్’ అంటే ఒకప్పుడు చేసేవాణ్ని, ఇప్పుడు చేయడం లేదని. రాత్రి షిఫ్టుకు మనిషిని వెతుకుతున్న మేనేజరు అది చదివి దరఖాస్తు పక్కన పెట్టేసినా పెట్టేయొచ్చు. నాలుగోది మనకు తెలిసిందే, ‘మీటింగ్ యూ’. ఐదోదానిలో క్రియే లేదు, ‘రిప్లై’ నామవాచకం. తప్పు ‘ఫర్’లో ఉంది. ‘మీ జవాబు కోసం’ అన్న మన ‘కోసం’ అక్కడ చొరబడింది. ‘టు యువర్ రిప్లై’ అంటే సరిపోతుంది. ఒకే మెయిల్‌లో రెండుసార్లు ఎదురుచూడటం కూడా ఎక్కువే. చివరిది తీసేసినా నష్టం లేదు.

ఇదంతా నేర్చుకున్న కొత్తలో మరో తప్పు మొదలవుతుంది. ‘టు’ కనబడగానే ఇంగ్ తగిలించాలనిపించి ‘ఐ హోప్ టు సీయింగ్ యూ’, ‘ఐ వుడ్ లైక్ టు మీటింగ్ యూ’ అని రాసేస్తారు. ఇవి మొదటి తప్పు కన్నా వికారంగా ఉంటాయి. హోప్, వుడ్ లైక్, వాంట్ వెనక ‘ఇట్’ పరీక్ష తప్పుతుంది కనుక అక్కడ సీ, మీట్ మాత్రమే రావాలి. ‘ఐ యామ్ ఇంట్రస్టింగ్ ఇన్ జాయినింగ్’ అని ఇంగ్‌ను రెండు చోట్లా పెట్టేవాళ్లూ ఉన్నారు. దాని అర్థం ‘నేను చాలా ఆసక్తికరమైన మనిషిని’ అన్నట్టు వస్తుంది. నిజమే అయినా దరఖాస్తులో మనంతట మనం చెప్పుకునే మాట కాదు.

ఇక మిగిలింది వాక్యం ఎలా మొదలుపెట్టాలన్నది. ‘ఐ లుక్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ’ అంటే కాస్త లాంఛనంగా ఉంటుంది, అపరిచితులకు, పై అధికారులకు బాగుంటుంది. ‘ఐ యామ్ లుకింగ్ ఫార్వర్డ్ టు’లో చనువు ఎక్కువ. ‘ఐ యామ్’ వదిలేసి నేరుగా ‘లుకింగ్ ఫార్వర్డ్’ అనడం తెలిసినవాళ్లకు పంపే మెయిల్‌లో చెల్లుతుంది. ‘ఐ లుకింగ్ ఫార్వర్డ్’ మాత్రం ఎక్కడా చెల్లదు. ‘యామ్’ ఉంచితే ‘ఐ’ కూడా ఉండాలి, తీసేస్తే రెండూ పోవాలి.