జడ నల్లబడే దాకా

మా పిన్ని పెళ్లి 1984లో జరిగింది. ఆల్బమ్ అప్పటినుంచీ బీరువాలోనే ఉంది. ఎండ తగల్లేదు, వాన తగల్లేదు. అయినా ఈమధ్య తెరిచి చూస్తే తలంబ్రాల ఫోటో మొత్తం ఎర్రబారిపోయి ఉంది. తెల్లటి మధుపర్కాలు గులాబీ రంగుకి తిరిగాయి. పిన్ని జడ నల్లగా కాక ఇటుక రంగులో కనిపిస్తోంది. దాన్ని జిగురు పేజీ మీంచి తీయబోతే అడ్డంగా చిరిగింది కూడా. చిరుగు పందిరి రాట దగ్గర మొదలై, పిన్ని భుజం మీదుగా వెళ్లి, బాబాయి ఎడమ కంటి దగ్గర ఆగింది. ఆ కన్ను ఉన్నచోట ఫోటో పైపొర ఊడి, ఆల్బమ్ పేజీకే అతుక్కుని ఉండిపోయింది.

ఈ ఒక్క ఫోటోలో మూడు రకాల నష్టాలున్నాయి. రంగు మారడం, చిరగడం, బొమ్మే లేకుండా పోవడం. మొదటి రెండూ ఇంట్లో బాగుచేసుకోవచ్చు. మూడోది మన చేతిలో లేదు.

రంగు ఎందుకు మారిందో ముందు చూద్దాం. కలర్ ఫోటో కాగితంలో పసుపు, మెజెంటా, సయాన్ అని మూడు రంగుల పొరలుంటాయి. ఆ రోజుల్లో వాడిన చాలా కాగితాల్లో సయాన్ పొర చీకట్లో ఉన్నా మెల్లగా చెడిపోయేది. వేడి, గాలిలో తేమ ఉంటే ఇంకా త్వరగా. ఎరుపుని అదుపులో పెట్టేది ఆ సయానే. అది పలచబడితే నలుపు ఉండాల్సిన చోట కూడా ఎరుపు పైకి తేలుతుంది. అంటే ఫోటోలోకి ఎరుపు కొత్తగా వచ్చి చేరలేదు, దాన్ని ఆపేది తగ్గింది. పూర్తిగా పోలేదు కాబట్టే, మిగిలిన కాస్తనీ సాగదీసి రంగు వెనక్కి తెచ్చుకోగలం. గోడకి ఎండలో వేలాడిన ఫోటో కథ వేరు. అక్కడ ముందుగా పోయేది లేత రంగులున్న చోట్ల వివరం: పంచె మడతలు, మల్లెపూలు, ముఖం మీద వెలుగు పడిన భాగం. అవి ఒకసారి తెల్లకాగితం అయిపోయాక సాగదీయడానికి ఏమీ మిగలదు.

సాగదీయాలంటే స్కాన్‌లో సరుకు ఉండాలి. జిరాక్స్ షాపులో మామూలుగా చేసిచ్చే జేపీజీ ఫైలు ఈ పనికి చాలదు. 600 డీపీఐలో, `48-bit Color` ఎంచుకుని, `TIFF`గా ఇమ్మని అడగాలి. ఐదుకి ఏడు అంగుళాల ఫోటో అలా చేస్తే ఫైలు డెబ్బై ఎంబీ దాటుతుంది, అంత ఉండాల్సిందే. తక్కువ బిట్లలో తీసిన ఎరుపుని సాగదీస్తే వెనకున్న గోడ మీద నునుపుగా మారాల్సిన రంగు మెట్లుమెట్లుగా విడిపోతుంది. స్కానర్ తనంతట తాను రంగు సరిచేసే సౌకర్యం ఏదైనా ఆన్‌లో ఉంటే ఆపేయమనండి. చిరిగిన ముక్కల్ని టేపుతో అతికించి ఇవ్వకండి. రెండిటినీ ఒకే వైపు తిప్పి, మధ్యలో కాస్త సందు వదిలి, అద్దం మీద పక్కపక్కన పెట్టి ఒకేసారి స్కాన్ చేయించాలి. ఒక ముక్క తలకిందులైతే స్కానర్ వెలుతురు కాగితం గరుకుతనం మీద అటూఇటూగా పడి, తర్వాత ఆ రెండూ కలవవు.

ఇక రంగు. ఉచితంగా దొరికే జింప్‌లో `Colors > Levels` తెరిచి, పైనున్న `Channel`లో `Red` ఎంచుకున్నాను. అక్కడ కనిపించే నల్లటి కొండలాంటి గ్రాఫ్ కుడివైపు గుమిగూడి ఉంది. ఎడమవైపు మూడో వంతు ఖాళీ. ఫోటోలో ముదురు ఎరుపు అన్నదే లేదని దానర్థం. ఎడమ చివరి నల్ల త్రికోణాన్ని కొండ మొదలయ్యే చోటుకి జరుపుతూ పిన్ని జడనే చూశాను. ఇటుక రంగు తగ్గి, జడ నల్లబడిన చోట ఆపాను. తర్వాత `Blue`లో కుడి చివరి తెల్ల త్రికోణాన్ని లోపలికి జరిపితే కాగితానికి పట్టిన పసుపు వదిలి ఫోటో అంచు తెల్లబడింది. `Green`కి పెద్దగా పని పడలేదు. చివరికి `Red`లోని మధ్య త్రికోణాన్ని కాస్త అటూఇటూ కదిపి ముఖాల రంగు కుదుర్చుకున్నాను.

ఒక్క మీట నొక్కితే రంగు సరిచేసే `Colors > Auto > White Balance` కూడా ఉంది. మొదట అదే వాడి చూశాను. పిన్ని ముఖం పాలిపోయింది! అది పెళ్లికూతురి ముఖం, దాని మీద పసుపు ఉంది. మధుపర్కాల అంచులకీ పసుపు ఉంది. అది చెడిపోయిన రంగు కాదని ఆ మీటకి తెలియదు. మన పెళ్లి ఫోటోల్లో తెలుపుని నమ్ముకోవడం కన్నా జుట్టు నలుపుని నమ్ముకోవడం మేలని నాకు అప్పుడే అర్థమైంది.

చిరుగు దగ్గర ఒక కిటుకు ఉంది. కాగితం ఏటవాలుగా చిరుగుతుంది కాబట్టి ఒక ముక్క అంచున తెల్లటి పెదవి బయటపడుతుంది. ఆ పెదవి మీద ఉండాల్సిన బొమ్మ రెండో ముక్క అంచున పదిలంగా ఉంటుంది. ముక్కల్ని వేర్వేరు లేయర్లుగా చేసి, బొమ్మ ఉన్న ముక్కని పైన పెట్టి, తెల్ల పెదవి కప్పుకుపోయేలా జరపాలి. బెత్తెడు పొడవున కనిపించిన గాటు వెంట్రుకంత గీతగా మిగులుతుంది. ఆ గీతని గోడ, పందిరి లాంటి సాదా చోట్ల `Heal` పనిముట్టుతో చెరిపేయొచ్చు. చీర అంచు దగ్గర మాత్రం అది పక్క రంగుని లాగి మసకమసకగా పులుముతుంది, అక్కడ `Clone` వాడాలి. రెండిటికీ కంట్రోల్ మీట నొక్కి పట్టుకుని, మంచిగా ఉన్న చోట క్లిక్ చేసి, తర్వాత పాడైన చోట చిన్నచిన్న చుక్కలుగా అద్దాలి. ఈ పనంతా కనిపిస్తున్న బొమ్మ మొత్తానికీ పైన ఒక నకలు లేయర్ వేసి దాని మీదే చేయండి. తప్పు జరిగితే ఆ లేయర్ తుడిచేసుకుంటే చాలు.

బాబాయి కన్ను దగ్గర నేను ఆగిపోయాను. కుడికన్నుని తిప్పి పెట్టి చూస్తే ఎవరో వేరే మనిషి నవ్వుతున్నట్టుంది. ఏ మనిషికీ రెండు కళ్లూ ఒకేలా ఉండవు, వెలుతురూ రెండిటి మీదా ఒకేలా పడదు. అందుకే దీన్ని ఫోటోలు బాగుచేసే పని తెలిసిన ఒక ఆర్టిస్టుకి ఇచ్చాం. ఫోటో ఇవ్వలేదు, స్కాన్ మాత్రమే పంపాం. ఆయన అడిగిన మొదటి మాట, "నెగెటివ్ ఉందాండీ?" నెగెటివ్ దొరికితే కన్ను గీయాల్సిన పనే ఉండదు. మా ఇంట్లో అది దొరకలేదు. రెండో మాట, అదే రోజు తీసిన వేరే ఫోటో. అప్పగింతలప్పుడు బాబాయి దాదాపు అదే వైపుకి తల తిప్పిన ఫోటో ఉంది. అందులోంచి కన్ను తీసి, పరిమాణం, వెలుతురు, గరుకుదనం సరిపోయేలా కూర్చారు. అలాంటి ఆధారం ఏమీ అడక్కుండా "రేపటికల్లా చేసిచ్చేస్తా" అనేవాళ్లకి ముఖం అప్పగించకండి. వాళ్లు కల్పించి గీస్తారు.

స్కాన్ కాదు, అసలు ఫోటోయే నిపుణుడి దగ్గరికి వెళ్లాల్సిన సందర్భాలూ ఉన్నాయి. మా తాతయ్య ఫోటో ఫ్రేము అద్దానికి అతుక్కుపోయింది. ఫోటో పైపొర జెలటిన్. వానాకాలపు చెమ్మకి అది మెత్తబడి అద్దాన్ని పట్టుకుంటుంది, ఎండాక ఇక వదలదు. బ్లేడుతో తీస్తే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. చేత్తో రంగులద్దిన పాత ఫోటోలు, బూజు పట్టి పొడిపొడిగా రాలుతున్నవి, ఒకదానికొకటి అతుక్కున్నవి కూడా ఇంతే. వాటిని తడిగుడ్డతో తుడవకూడదు, విడదీయకూడదు. ఇది స్టూడియో వాళ్ల పని కాదు, కాగితాలనీ ఫోటోలనీ పరిరక్షించే కన్సర్వేటర్ల పని. ఇన్‌టాక్ సంస్థకి అలాంటి పరిరక్షణ కేంద్రాలున్నాయి.

ఈలోగా అద్దంతో సహా ఒక కాపీ తీసుకోవచ్చు. యూఎస్‌బీ తీగతోనే నడిచే పలచటి స్కానర్లు అద్దానికి ఆనుకున్నదాన్నే స్పష్టంగా చూస్తాయి, ఫ్రేము అద్దం మందం అడ్డొస్తే మసకగా వస్తుంది. మేము ఫ్రేము బయటివైపు పొడిగుడ్డతో తుడిచి, కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా పెట్టి, కెమెరా వెనకాల నల్ల దుప్పటి పట్టుకుని ఫోటో తీశాం. దుప్పటి వల్ల మా నీడలు అద్దంలో పడలేదు. తాతయ్య ఫ్రేము మాత్రం విప్పకుండా అలాగే, వంటింటి ఆవిరికి దూరంగా ముందుగదిలో ఉంచాం.