1.8 డిగ్రీలా, 4.4 డిగ్రీలా? ఒక్క లెక్క ఎందుకు చెప్పరు?

వాతావరణం మీద చేసిన ఎపిసోడ్ విన్నాక చాలామంది వాయిస్ మెసేజ్‌లలో ఒకటే మాట అడిగారు: "అన్నా, 2100 నాటికి ఎంత వేడెక్కుతుందో సైంటిస్టులకే తెలీదా? ఒకరు రెండు డిగ్రీలంటారు, ఇంకొకరు నాలుగంటారు." ఎపిసోడ్‌లో టైం సరిపోలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

మనం ఇంటికి డబ్బు పంపే లెక్కే తీసుకోండి. నెలకు వెయ్యి దిర్హమ్‌లు పంపాలా, రెండు వేలా అన్నది మన నిర్ణయం. ఆ రోజు రేటు ఎంతుంటుందన్నది మన చేతిలో లేదు. వాతావరణ లెక్కలోనూ ఈ రెండూ వేరువేరు.

మొదటిది మనుషుల నిర్ణయం. బొగ్గు, ఆయిల్, గ్యాస్ ఎంత కాలుస్తామన్నదాన్ని బట్టి ఐపీసీసీ 2021 రిపోర్టులో ఐదు దారులు తీసుకుంది. వీటినే సినారియోలంటారు. ఇవి జోస్యాలు కావు, "ఇలా చేస్తే ఇలా అవుతుంది" అనే లెక్కలు. కార్బన్ డయాక్సైడ్‌ను గట్టిగా తగ్గించుకుంటూ పోయే ఒక దారిలో, ఈ శతాబ్దం చివరి ఇరవయ్యేళ్లలో భూమి సగటు వేడి 1850-1900 నాటికంటే సుమారు 1.8 డిగ్రీలు ఎక్కువుంటుంది. 2050 నాటికి అది రెట్టింపయ్యే దారిలో 4.4 డిగ్రీలు. అంటే రెండు లెక్కలూ సైంటిస్టుల గొడవ కాదు, రెండు వేరే దారులు.

రెండోది రేటు లాంటిది. ఒకే దారి పట్టుకున్నా 4.4 అన్నది 3.3 నుంచి 5.7 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. కారణాల్లో పెద్దది మేఘాలు. కిందుగా ఉండే మేఘాలు ఎండని వెనక్కి కొడతాయి. వేడి పెరిగి అవి పలచబడితే ఇంకా వేడెక్కుతుంది. కానీ మోడల్ భూమిని సుమారు వంద కిలోమీటర్ల గళ్లుగా చూస్తుంది. మేఘం అంతకంటే చిన్నది కాబట్టి దాన్ని అంచనాగా వేయాల్సిందే. ఒక్కో మోడల్ ఒక్కోలా వేస్తుంది. కొన్ని మోడళ్లు మరీ ఎక్కువ వేడి చూపించాయి. అందుకే ఐపీసీసీ వాటి సగటునే నమ్మకుండా, ఇప్పటిదాకా కొలిచిన వేడితో సరిచూసి ఈ హద్దులు పెట్టింది. ఆ దారిలో వెళ్తే అసలు జవాబు ఈ హద్దుల్లో ఉండే అవకాశం నూటికి 90 దాకా ఉందని దాని అర్థం.

ఇప్పుడు అసలు సంగతి. 2021-2040 మధ్యకి చూస్తే మొదటి దారిలో 1.5, రెండో దారిలో 1.6 డిగ్రీలు. తేడా దాదాపు లేదు. ఈ ఇరవయ్యేళ్లలో ఒక ఏడాది ఎక్కువ, ఒక ఏడాది తక్కువ అవ్వడానికి ఎల్ నినో లాంటి సహజమైన ఊగులాటే ఎక్కువ కారణం. దారుల తేడా బాగా కనపడేది 2050 దాటాకే.

ఇంకో మాట. ఇవన్నీ ప్రపంచ సగటులు. నేల సముద్రం కంటే ఎక్కువ వేడెక్కుతుంది కాబట్టి, మనం ఎండలో పనిచేసే చోట ఆ 1.5 ఇంకాస్త ఎక్కువే అవుతుంది.

ఈసారి వార్తల్లో ఏదైనా డిగ్రీల లెక్క కనిపిస్తే మూడు ప్రశ్నలు వేయండి: ఏ దారిలో? ఏ ఏళ్లకి? హద్దులెంత? ఈ మూడూ చెప్పకపోతే ఆ లెక్క సగమే.