బేరానికి ముందు కారు ధర కట్టడం ఎలా?

వికారాబాద్‌లో గానీ తాండూరులో గానీ పాత కారు చూడటానికి వెళ్తే, అమ్మేవాళ్లు చెప్పే మొదటి అంకె చుట్టూనే బేరమంతా తిరుగుతుంది. వాళ్లు 3 లక్షల 85 వేలంటే మనం మూడున్నర అంటాం, చివరికి మూడు లక్షల అరవై, డెబ్బై వేల దగ్గర ఆగి తగ్గించుకున్నామని తృప్తి పడతాం. ఆ బండి అసలు విలువ మూడు లక్షల లోపే అయినా మనకు తెలియదు. అందుకే వాళ్ల అంకె వినకముందే మన అంకె ఒక కాగితం మీద ఉండాలి. అది ఎలా వస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం.

2026 ఆరంభంలో తాండూరులో ఒక పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్ అమ్మకానికి ఉందనుకుందాం. నంబరు టీఎస్ 34, అంటే వికారాబాద్ జిల్లాలో రిజిస్టరైన బండి. 'రెండో ఓనర్, 2019 మోడల్, 61 వేలే తిరిగింది, 3 లక్షల 85 వేలు' అంటున్నాడు మధ్యవర్తి. ఈ నాలుగు మాటల్లో ఒక్కొక్కటీ సరిచూసుకోవాల్సిందే.

ముందు మోడల్ సంగతి. ఆర్సీలో రిజిస్ట్రేషన్ తేదీ ఒకటి, తయారైన నెల, సంవత్సరం మరొకటి ఉంటాయి. ఈ బండి 2018 నవంబరులో తయారై, 2019 జనవరిలో రిజిస్టరైంది. సంవత్సరం చివర మిగిలిపోయిన బళ్లు ఇలా కొత్త ఏడాదిలో రోడ్డెక్కడం మామూలే, అందులో మోసమేమీ లేదు. కానీ వయసు లెక్కేసేది తయారైన నెల నుంచే. కాబట్టి ఇది 2018 బండి, వయసు ఏడేళ్లు దాటింది. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆపైన ఐదేసి ఏళ్లకు పొడిగించుకోవాలి. ఆ పదిహేనేళ్లు మాత్రం రిజిస్ట్రేషన్ తేదీ నుంచే లెక్క, ఇంకా ఎనిమిదేళ్లు మిగిలున్నాయి.

ఇప్పుడు లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి? అమ్మేవాడు 2019లో ఈ బండి కొత్తగా ఎంతకు కొన్నారో చెప్తాడు. ఆ అంకె మనకు అక్కర్లేదు. ఈ రోజు అదే మోడల్, అదే వేరియంట్ కొత్తది షోరూంలో ఎంతకు దొరుకుతుందన్నదే మన ప్రారంభం. ఈ తేడా ఇప్పుడు మరీ ముఖ్యం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది, పైనున్న సెస్సు కూడా పోయింది. కొత్త బండి చవకైతే పాత బండి విలువ కూడా దానితో పాటే దిగాలి. పాత ధరలు మనసులో పెట్టుకుని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. మన ఉదాహరణలో కొత్త కారు షోరూం ధర 6 లక్షల 60 వేలు అనుకుందాం.

దీని మీద తరుగు తీయాలి. బీమా కంపెనీలు బండికి కట్టే విలువను ఐడీవీ అంటారు. దానికి చాలాకాలంగా ఒక పట్టిక ఉంది: ఏడాది దాటి రెండేళ్ల లోపు బండికి 20 శాతం, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, ఐదేళ్ల లోపు 50 శాతం తరుగు. ఐదేళ్లు దాటాక కంపెనీ, యజమాని కలిసి మాట్లాడుకుని నిర్ణయించుకోవడమే. ఈ పట్టిక అన్ని మోడళ్లకూ ఒకటే కాబట్టి, ఎక్కువమంది కోరుకునే చిన్న పెట్రోల్ కారుకు ఇది బజారు ధర కంటే తక్కువ చూపిస్తుంది. ఎవరూ అడగని మోడల్‌కు ఎక్కువ చూపించవచ్చు కూడా. దాన్ని పక్కన పెట్టుకుని చూడండి, దాని మీదే నిలబడకండి.

బజారు లెక్క మనమే తీయవచ్చు. అదే మోడల్‌లో మూడేళ్లది, ఐదేళ్లది, ఏడేళ్లది జిల్లాలోనూ హైదరాబాద్‌లోనూ ఎంతకు అడుగుతున్నారో నాలుగైదు చోట్ల కనుక్కోండి. అడిగే ధర వేరు, అమ్ముడయ్యే ధర వేరు కాబట్టి ఒక్కోదానిలో కొంత తగ్గించి రాసుకుంటే ఏటా తరుగు ఎంతో తేలిపోతుంది. మన బండికి మొదటి ఏడాది 15 శాతం, ఆ తర్వాత ఏటా మిగిలిన విలువలో 8 శాతం చొప్పున వచ్చిందనుకుందాం. 6 లక్షల 60 వేలు మొదటి ఏడాది చివర 5 లక్షల 61 వేలవుతుంది, ఐదేళ్లకు 4 లక్షల 2 వేలు, ఏడేళ్లకు 3 లక్షల 40 వేలు. ఏ లోపమూ లేని, ఒకే చేతిలో నడిచిన, ఏటా పదకొండు పన్నెండు వేల కిలోమీటర్లు తిరిగిన బండి విలువ ఇది. ఇక మన బండి దీనికి ఎంత దూరంలో ఉందో చూడాలి.

రెండో ఓనర్ అన్నాడు. ఎంపరివాహన్‌లో నంబరు కొడితే ఓనర్ వరస సంఖ్య 2 అని వచ్చింది, మాట నిజమే. కానీ ఆర్సీ చెప్పేది ఎన్నిసార్లు బదిలీ అయిందనే. ఎన్ని చేతులు మారిందో అది చెప్పదు. ఓనర్‌తో ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు చేయించుకుని, పేరు మార్చుకోకుండానే ఏడాదో రెండేళ్లో నడిపి, అవే కాగితాలతో మళ్లీ అమ్మేయడం మన దగ్గర బాగా అలవాటైన పని. దాన్ని పట్టుకోవాలంటే మిగతా కాగితాల మీద పేర్లు చూడాలి. బ్యాటరీ వారంటీ కార్డు, టైర్ల బిల్లు, గ్యారేజీ రసీదుల్లో ఆర్సీలో లేని పేరు పదే పదే కనిపిస్తే, అది మధ్యలో వచ్చిన మూడో మనిషి. ఇది లాంఛనం సంగతి కాదు. 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, రికార్డుల్లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో వాళ్లే ఓనరని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్లదేనని తేల్చింది. మనం కొంటే మూడో ఓనర్ అవుతాం. ఒక్కో అదనపు చేతికి దాదాపు 5 శాతం తగ్గించడం న్యాయం. 17 వేలు తీస్తే 3 లక్షల 23 వేలు.

కర్ణాటక సరిహద్దు పక్కనే కాబట్టి సేడం, కలబురగి వైపు నుంచి వచ్చిన కేఏ నంబరు బళ్లు కూడా తాండూరులో చవకగా కనిపిస్తాయి. వాటికి అక్కడి రవాణా ఆఫీసు నుంచి ఫారం 28 కింద ఎన్ఓసీ తెచ్చుకోవాలి, తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కట్టుకోవాలి. ఆ ట్యాక్స్ ఎంతవుతుందో ముందే కనుక్కుని ధరలోంచి తీసేస్తే, కనిపించిన చవక చాలావరకు కరిగిపోతుంది.

అన్నిటికంటే ఎక్కువసేపు కూర్చోవాల్సింది సర్వీసు కాగితాల ముందు. చాలా బళ్లు మొదటి రెండు మూడేళ్లు కంపెనీ సర్వీసింగ్‌కు వెళ్తాయి, వారంటీ అయ్యాక దగ్గరి మెకానిక్ దగ్గరికి మళ్లుతాయి. అది తప్పు కాదు, మంచి మెకానిక్ బాగానే చూసుకుంటాడు. చిక్కేమిటంటే కంపెనీ సర్వీసింగ్‌లో ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు నమోదవుతాయి, మెకానిక్ దగ్గర కావు. మన బండికి 2019 డిసెంబరులో 14 వేలు, 2020 డిసెంబరులో 22 వేలు, 2021 నవంబరులో 38 వేలు అని ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. ఇప్పుడు మీటర్ 61 వేలు చూపిస్తోంది. లాక్‌డౌన్ ఏడాదిలో 8 వేలు, మరుసటి ఏడాది 16 వేలు తిరిగిన బండి, ఆ తర్వాత నాలుగేళ్లలో మొత్తం 23 వేలే తిరిగిందంటే ఏటా ఆరు వేలు కూడా కాదు. అసాధ్యం కాదు గానీ అడగాల్సిన ప్రశ్న.

జవాబు టైర్లు చెప్తాయి. టైరు పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది, 1822 అంటే 2022లో 18వ వారం తయారైందని. మన బండి నాలుగు టైర్ల మీదా అదే అంకె. అంటే దాదాపు 40 వేల దగ్గర కొత్తవి వేశారు. అవి ఇప్పుడు గాడుల మధ్య ఉండే అరుగుదల గుర్తు దాకా వచ్చేశాయి. ఇలాంటి కారు టైరు అంతగా అరగాలంటే మామూలుగా 40 వేల కిలోమీటర్లు పడుతుంది, మీటర్ ప్రకారం వాటి మీద తిరిగింది 20 వేలే. నాపరాళ్ల గనుల మట్టి దారుల్లో టైర్లు త్వరగా అరుగుతాయన్నది నిజమే. అయినా సీటు అంచు, బ్రేకు పెడల్ రబ్బరు, స్టీరింగ్ పైపొర కూడా నునుపుగా అరిగిపోయి ఉంటే, అన్నీ కలిసి ఒకే మాట చెప్తున్నట్టు. మీటర్ వెనక్కి తిప్పారని దీనితో రుజువు కాదు. కానీ ఈ బండి 80 వేలు తిరిగిందనుకుని ధర కట్టాలి. ఏడేళ్ల బండికి 80 వేలు సగటే కాబట్టి కొత్తగా తగ్గించేదేమీ లేదు. 'తక్కువ తిరిగింది' అని అతను అడిగే అదనం మాత్రం ఇవ్వక్కర్లేదు. డోరు లోపల అంటించిన ఆయిల్ మార్పు స్టిక్కర్ మీదే మీటర్ కంటే చాలా ఎక్కువ అంకె కనిపిస్తే మాత్రం లెక్కలు ఆపేయండి, ఆ బండి వద్దు.

బీమా కాగితం మీద ఒక చిన్న అంకె ఉంటుంది, క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే ఎన్‌సీబీ తగ్గింపు. క్లెయిమ్ లేని మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, ఐదో ఏటికి 50. ఇది బండిది కాదు, మనిషిది. రెండో ఓనర్ 2022 జనవరిలో కొని తన పేరున పాలసీ తీసుకుంటే, 2025 పాలసీలో 35 శాతం ఉండాలి. ఇక్కడ 20 ఉంది. మధ్యలో ఒకసారి క్లెయిమ్ అయినా జరిగి ఉండాలి, లేదా పాలసీ ముగిశాక 90 రోజులకు పైగా బీమా లేకుండానైనా నడిపి ఉండాలి. ఏదో అడగండి. క్లెయిమ్ అంటే రిపేరు బిల్లు చూపించమనండి, బానెట్ బోల్టుల మీద పెయింట్ చెదిరిందేమో చూడండి. ముందు భాగంలో చట్రం దాకా దెబ్బ తగిలి ఉంటే ఈ లెక్క ఏదీ దానికి వర్తించదు.

ఇక వెంటనే పెట్టాల్సిన ఖర్చు. అనంతగిరి ఘాట్ మీదుగా రోజూ తిరిగిన బండికి క్లచ్, బ్రేకులు, గనుల వైపు తిరిగిన బండికి లోయర్ ఆర్మ్ బుష్‌లు, సస్పెన్షన్, ఎయిర్ ఫిల్టర్ ముందు పోతాయి. మనకు నమ్మకమైన మెకానిక్‌తో లిఫ్ట్ మీద చూపించాక, బుష్‌లకు 10 వేలు, నాలుగేళ్లుగా నమోదు లేని కూలెంట్, బ్రేక్ ఆయిల్, గేర్ ఆయిల్, ప్లగ్గులకు 12 వేలు అన్నాడనుకోండి. నాలుగు టైర్లకు 20 వేలైనా సగమే తీయాలి, ఎందుకంటే ఏడేళ్ల బండికి కొత్త టైర్లు ఉంటాయని మన లెక్కలో అనుకోలేదు. మొత్తం 32 వేలు. 3 లక్షల 23 వేలలోంచి తీస్తే 2 లక్షల 91 వేలు.

కాబట్టి ఈ బండికి మన గరిష్ఠం 2 లక్షల 90 వేలు. 2 లక్షల 65 వేల దగ్గర మొదలుపెట్టి, ప్రతి మెట్టుకూ కాగితం చూపిస్తూ మాట్లాడండి: ఇదిగో కొత్త దాని ధర, ఇదిగో తయారైన నెల, ఇదిగో టైరు తేదీ. కారణం చూపించి చెప్పిన అంకెకు కారణంతోనే జవాబు చెప్పాల్సి వస్తుంది. అతను పోయిన సర్వీసు బిల్లులు తెచ్చి చూపిస్తే మనం కూడా పదో పదిహేను వేలో పెంచవచ్చు. ఏమీ చూపించకుండా మూడు లక్షల ఇరవై దగ్గరే నిలబడితే లేచి వచ్చేయండి.

ధర కుదిరితే డబ్బు ఇవ్వాల్సింది ఆర్సీలో పేరున్న మనిషికే. మధ్యవర్తి చేతికి కాదు. పెండింగ్ చలాన్లు ఆ ఓనరే కట్టాలి, ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 తేవాలి. కొంత మొత్తం చేతిలో ఉంచుకుని, పేరు మార్పు దరఖాస్తు దాఖలైన రోజునే మిగతాది ఇవ్వండి.