చిన్న పెళ్లిళ్ల నిర్వాహకుల బ్రోచర్: మొదటి పేరా రాయడం

ఈ భాగం చదివిన తరువాత మీరు ఒక సేవను పరిచయం చేసే బ్రోచర్‌కు మొదటి పేరా రాయగలుగుతారు. ఆ పేరాలో ఏ విషయం ఉండాలో, ఏది లోపలి పేజీకి వెళ్లాలో నిర్ణయించగలుగుతారు. రాసిన పేరా పని చేస్తుందో లేదో పరీక్షించగలుగుతారు.

1. సందర్భం

చిత్తూరు జిల్లా ఐరాల మండలంలో బాహుదా నది ఒడ్డున ఉన్న కాణిపాకం వరసిద్ధి వినాయక క్షేత్రంగా ప్రసిద్ధి పొందింది. తొలి పూజ అందుకునే దేవుడి ఊరు కాబట్టి ఇంట్లో ఏ శుభకార్యం తలపెట్టినా చుట్టుపక్కల కుటుంబాలు ఇక్కడికి వచ్చి మొక్కుకోవడం మామూలే. ఈ ఊళ్లో ఒక మహిళ చిన్న పెళ్లిళ్లకు ఏర్పాట్లు చేసే పని మొదలుపెట్టిందని ఊహించుకుందాం. ఆమె పెద్ద పెళ్లిళ్లు ఒప్పుకోదు. నూరు మంది లోపు బంధువులతో, ఉన్న డబ్బులో పెళ్లి ముగించాలనుకునే కుటుంబాలే ఆమె దగ్గరికి రావాలి. మూడు మడతల బ్రోచర్ ఒకటి అచ్చువేయించాలనుకొని, మొదటి పేరా రాసిపెట్టమని మిమ్మల్ని అడిగింది.

2. బ్రోచర్‌ను చదివేది ఎవరు?

రాయడానికి ముందు ఈ ప్రశ్నకు జవాబు తెలియాలి. ఇలాంటి బ్రోచర్‌ను సాధారణంగా పెళ్లికూతురి తండ్రో, తల్లో, పెద్దన్నో మొదట చదువుతారు. చేతిలో ఎంత డబ్బుందో, ఎంత అప్పు చేయాల్సి వస్తుందో అప్పటికే వాళ్ల మనసులో ఒక లెక్క ఉంటుంది. వాళ్ల భయం రెండు రకాలు. అనుకున్నదానికంటే ఖర్చు పెరిగిపోతుందేమోనన్నది మొదటిది. తక్కువలో చేశారని నలుగురిలో మాట పడాల్సి వస్తుందేమోనన్నది రెండవది.

ఆ కాగితం వాళ్ల దగ్గరే ఆగిపోదన్న సంగతి కూడా మరచిపోకూడదు. రేపు వియ్యంకుల ఇంట్లోనూ దాన్ని చూపిస్తారు. మొదటి వాక్యంలోనే ‘చౌకగా’ అనో, ‘పేద, మధ్యతరగతి వారి కోసం’ అనో ఉంటే ఆ తండ్రి దాన్ని వియ్యంకుల ముందు పెట్టలేడు. ఖర్చు సంగతి చెప్పక తప్పదు, అయితే అది చదివేవారి గౌరవానికి తగలకూడదు. ‘తక్కువ ఖర్చుతో’ అనే మాట ఆ కుటుంబం స్థితిని చెబుతుంది. ‘మీరు అనుకున్న మొత్తంలో’ అనే మాట ఆ కుటుంబం నిర్ణయాన్ని చెబుతుంది. రెండూ డబ్బు గురించినవే అయినా రెండవదాన్ని ఎవరి ముందైనా చదవవచ్చు.

3. మొదటి చిత్తుప్రతి

ఇలాంటి పేరాను చాలామంది ఈ విధంగా మొదలుపెడతారు.

“పెళ్లంటే నూరేళ్ల పంట. మీ కలల వివాహాన్ని అతి తక్కువ ధరకే అత్యంత వైభవంగా జరిపించడమే మా ధ్యేయం. 100 మందికి పూర్తి ప్యాకేజీ మా ప్రత్యేకత. నాణ్యతలో రాజీ లేదు. స్వామివారి సన్నిధిలో మీ ఇంటి వేడుకను మాకు అప్పగించి మీరు నిశ్చింతగా ఉండండి.”

మొదటి వాక్యం తప్పు కాదు. కానీ అదే వాక్యాన్ని నగల దుకాణం, పట్టుచీరల దుకాణం, ఫొటో స్టూడియో కూడా వేసుకోవచ్చు. చదివేవారికి అందులో కొత్తగా తెలిసేది లేదు. ‘అతి తక్కువ’, ‘అత్యంత వైభవం’ ఒకే వాక్యంలో ఉండడంతో రెండింటి మీదా నమ్మకం పోతుంది. ‘స్వామివారి సన్నిధిలో’ అన్నప్పుడు పెళ్లి గుడిలోనే జరుగుతుందని కొందరు అనుకోవచ్చు. గుడి పరిధిలో ఏ ఏర్పాటుకైనా అనుమతి ఇవ్వవలసింది దేవస్థానం. దానితో తనకు సంబంధం ఉన్నట్టు ధ్వనించే మాట నిర్వాహకురాలు వాడకూడదు.

అయితే అన్నింటికంటే పెద్ద చిక్కు ‘100 మందికి పూర్తి ప్యాకేజీ’ అనే మాటలో ఉంది.

4. మందిని లెక్కపెట్టాలా, ఆకులను లెక్కపెట్టాలా?

వంటవాళ్లు వచ్చే మందిని లెక్కపెట్టరు, వడ్డించే ఆకులను లెక్కపెడతారు. చిత్తూరు ప్రాంతంలో చాలా ఇళ్లలో ముందురోజు రాత్రి రిసెప్షన్, మరునాడు ఉదయం ముహూర్తం జరుగుతాయి. అంటే రాత్రి భోజనం, ఉదయం టిఫిను, మధ్యాహ్న భోజనం కలిసి మూడు పూటలు వడ్డించాలి. ‘100 మందికి’ అని చదివిన తండ్రి మనసులో 100 ఆకులు మాత్రమే ఉండవచ్చు.

ఒక లెక్క చూద్దాం. ఇందులోని ధరలు పాఠం కోసం అనుకున్నవి. భోజనం ఆకుకు 150 రూపాయలు, టిఫినుకు 80 రూపాయలు అనుకోండి. రాత్రి 100 ఆకులకు 15,000, ఉదయం బస ఉన్న 60 మంది టిఫినుకు 4,800, మధ్యాహ్నం 100 ఆకులకు 15,000 అవుతాయి. మొత్తం 34,800 రూపాయలు. మేళగాళ్లు, అలంకరణ పనివాళ్లు, వ్యాన్ డ్రైవర్లు కలిపి ఒక పది మంది ఉంటారు. వాళ్లకూ మూడు పూటలా పెట్టాలి. దానికి మరో 3,800 రూపాయలు కలిపితే 38,600 అవుతుంది. 15,000 అనుకొని వచ్చిన కుటుంబానికి ఒక్క భోజనాల దగ్గరే 23,600 రూపాయలు తక్కువ పడతాయి. ఇక్కడ నిర్వాహకురాలు మోసం చేయలేదు. బ్రోచర్‌లోని ఒక మాటను ఇద్దరూ రెండు రకాలుగా అర్థం చేసుకున్నారు. అయినా పెళ్లి ముందురోజు రాత్రి ఆ తేడా బయటపడితే తండ్రి చేబదులు కోసం బంధువుల దగ్గరికి వెళ్లాల్సి వస్తుంది. నూరు మంది 260 ఆకులు ఎలా అయ్యాయో, పనివాళ్లతో కలిపి 290 ఎలా అయ్యాయో మొదటి పేరాలోనే తెలియాలి.

5. సవరించిన పేరా

ఈ విషయాలను దృష్టిలో పెట్టుకొని పేరాను ఇలా తిరగరాయవచ్చు.

“దగ్గరి బంధువుల మధ్య, మీరు అనుకున్న మొత్తంలో బిడ్డ పెళ్లి చేయాలనుకుంటున్నారా? కాణిపాకం సత్రాల్లో, మండపాల్లో నూరు మంది లోపు జరిగే పెళ్లిళ్లకు మాత్రమే మేము ఏర్పాట్లు చేస్తాం. రిసెప్షన్ రాత్రి భోజనం, ముహూర్తం నాటి ఉదయం టిఫిను, మధ్యాహ్న భోజనం, పనివాళ్లకు పెట్టేదానితో సహా మూడు పూటలకు 300 ఆకుల దాకా వంట, వడ్డన మావే. పెళ్లిపందిరి అలంకరణ, పురోహితులు, మేళం కూడా మేమే చూసుకుంటాం. సత్రం అద్దె, తాళి, బట్టలు, ఫొటోలు ఇందులో కలవవు. మీ మొత్తం ఎంతో చెప్పండి. అందులో ఏది కుదురుతుందో, ఏది కుదరదో కాగితం మీద రాసిచ్చిన తరువాతే అడ్వాన్సు తీసుకుంటాం.”

మొదటి వాక్యం చదివేవారి మనసులోని ప్రశ్ననే అడుగుతోంది. రెండవ వాక్యంలోని ‘మాత్రమే’ అనే మాట ఆమె పరిధిని చెబుతుంది. 400 మందిని పిలిచే కుటుంబం అక్కడే ఆగిపోతుంది. ఆమెకు అదే కావాలి. ‘సత్రాల్లో, మండపాల్లో’ అనడం వల్ల గుడిలో పెళ్లి అన్న అపోహ రాదు. మూడవ వాక్యం ఆకుల లెక్కను తేలుస్తుంది. లెక్క 290కి వచ్చినా పది ఆకులు అదనంగా ఉంచింది, ఎందుకంటే పెళ్లిలో పిలవని చుట్టం ఒకరిద్దరు రాక తప్పదు. ‘ఇందులో కలవవు’ అన్న వాక్యాన్ని తీసేయమని ఆమె మిమ్మల్ని అడగవచ్చు. ‘అది చదివితే జనం వెనక్కి పోతారు’ అని ఆమెకు అనిపించవచ్చు. నిజానికి కలవనివి ఏవో తెలిసినప్పుడే కలిసినవాటి మీద నమ్మకం కుదురుతుంది.

ఈ పేరాలో ధర లేదని మీరు గమనించే ఉంటారు. ముహూర్తాలు దట్టంగా ఉన్న రోజుల్లో పూల ధర పెరుగుతుంది, కూరగాయల ధర వారానికొక రకంగా ఉంటుంది. అచ్చయిన అంకెను మార్చలేం. కాబట్టి ధరలను తేదీ వేసిన విడి కాగితంలో ఇచ్చి, బ్రోచర్ లోపల పెట్టడం మేలు.

6. మాటకు ఉన్న హద్దు

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం వస్తువును గాని సేవను గాని తప్పుగా వర్ణించడం, తప్పుడు హామీ ఇవ్వడం, ముఖ్యమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం తప్పుదోవ పట్టించే ప్రకటన కిందికి వస్తాయి. సత్రం అద్దె వేరే కట్టాలని తెలిసీ దాన్ని దాచి ‘పూర్తి ప్యాకేజీ’ అని అచ్చువేయడం ఈ చిక్కును కొనితెచ్చుకోవడమే.

చట్టం మాట అటుంచినా, కాణిపాకంలో దీనికి మరో బరువు ఉంది. వరసిద్ధి వినాయకుని ఎదుట అబద్ధపు ప్రమాణం చేయడానికి మనుషులు జంకుతారు. తగాదా వచ్చినప్పుడు ‘కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?’ అని అడగడం ఈ ప్రాంతంలోనే కాక రాష్ట్రమంతటా వింటాం. ఆ ఊరి పేరు పెట్టుకొని అచ్చువేసిన మాట నిలబడకపోతే జనం దాన్ని తేలిగ్గా మరచిపోరు.

7. పేరాను పరీక్షించడం

రాసిన పేరాను ఈ వృత్తితో సంబంధం లేని ఒక పెద్దావిడకు ఒకసారి చదివి వినిపించండి. కాగితం ఆమె చేతికి ఇవ్వకుండా మూడు ప్రశ్నలు అడగండి. వీళ్లు ఎంతమంది వచ్చే పెళ్లి చేస్తారు? ఎన్ని పూటలు వడ్డిస్తారు? మనం విడిగా కట్టాల్సింది ఏది? మూడింటికీ జవాబు వస్తే పేరా పని చేసినట్టే. రెండవ ప్రశ్నకు ఆమె ‘ఒక పూట’ అంటే ఆకుల వాక్యాన్ని మళ్లీ రాయాలి. మూడవదానికి ‘ఏమీ లేదు’ అంటే కలవనివాటి వాక్యం సరిగా వినబడలేదని అర్థం. దాన్ని ఇంకా ముందుకు జరపాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ‘తక్కువ ఖర్చుతో’, ‘మీరు అనుకున్న మొత్తంలో’ అనే మాటలకు ఉన్న తేడాను మీ సొంత మాటల్లో వివరించండి.

2. రిసెప్షన్ లేకుండా ముహూర్తం మాత్రమే జరిగే 80 మంది పెళ్లికి ఉదయం టిఫినుకు 50 మంది ఉంటారు. పనివాళ్లు 8 మంది, వాళ్లకు రెండు పూటలా పెట్టాలి. మొత్తం ఎన్ని ఆకులో లెక్కకట్టి, దాని ప్రకారం ఐదవ భాగంలోని పేరాను మార్చి రాయండి.

జవాబు సూచన: రెండవ ప్రశ్నకు 80, 50, 16 కలిపితే 146 ఆకులు. పేరాలో 150 ఆకుల దాకా అని రాయవచ్చు.