పాఠం వింటూ నోట్సు వ్రాసుకోవటం



పెళ్ళయి, పిల్లలు కాస్త పెద్దవాళ్ళయ్యాక మళ్ళీ చదువు మొదలుపెట్టిన వాళ్ళు మనలో చాలామందే వున్నారు. 1982లో సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక, ఇల్లు చూసుకుంటూనే డిగ్రీ చదివే వీలు కలిగింది. 1991 నుంచి దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. మా ప్రగతినగర్ నుంచి నేనూ అందులో చేరాను. ఆదివారం తరగతులకు వెళ్ళి మాష్టారు చెప్పిన ప్రతి మాటా వ్రాసుకునేదాన్ని. నోటుబుక్కయితే నిండింది గాని, పరీక్షలో అర్థశాస్త్రం పోయింది!

మా పక్కింటి పిన్నిగారు కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. నా నోట్సు తిరగేసి, "ఇందులో మాష్టారు చెప్పింది వుందమ్మా, నువ్వు తెలుసుకున్నది ఏదీ?" అన్నారు.

ఆవిడ మాట నిజమే. నోటి వేగాన్ని చెయ్యి అందుకోలేదు. ఒక వాక్యం పూర్తిగా వ్రాస్తూంటే తర్వాతి వాక్యం జారిపోతుంది. జారిపోయేది తరచు "అయితే", "కానీ" అంటూ చెప్పే షరతే. డిమాండు సూత్రం పాఠంలో నేను "ధర పెరిగినచో డిమాండు తగ్గును" అని అందంగా వ్రాశాను. "ఇతర విషయాలు మారకుండా వుంటే" అన్న ముక్క నా పుస్తకంలో ఎక్కడా లేదు. పరీక్షలో అడిగింది సరిగ్గా దాన్నే.

అప్పుడు పిన్నిగారు ఒక పద్ధతి చెప్పారు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వాల్టర్ పాక్ అనే ఆయన దీన్ని ప్రచారంలోకి తెచ్చాడట. లాంగ్ నోటుబుక్కు పేజీలో ఎడమవైపు రెండంగుళాలు, అడుగున రెండంగుళాలు వదిలి గీతలు కొట్టుకోవాలి. తరగతిలో వ్రాసేది కుడివైపు భాగంలోనే. మాష్టారు ఒక విషయం ముగించేదాకా విని, అప్పుడు ముక్కలుగా వ్రాయాలి. అదే పాఠం నేను మళ్ళీ విన్నప్పుడు ఇలా వ్రాసుకున్నాను:

ధర ↑ కొనుగోలు ↓
షరతు: ఆదాయం, అభిరుచి, ఇతర వస్తువుల ధరలు మారవు
ఉదా: ఉల్లి 30 రూ. → 60 రూ.; 3 కిలోలు → 2 కిలోలు. అదే రేఖమీద (సంకోచం)
ఆదాయం ↑ రేఖే కుడికి?

అర్థంకాని చోట ప్రశ్నార్థకం పెట్టాను చూడండి. అక్కడ ఆగిపోకూడదు. తరగతి అయ్యాక అడగాలి, లేదా పాఠ్యపుస్తకం చూడాలి.

ఆ సాయంత్రమే, వంటయ్యాక, ఎడమవైపు ప్రశ్నలు వ్రాయాలి. "ఏ షరతుమీద?", "రేఖమీద కదిలేది ఎప్పుడు, రేఖే జరిగేది ఎప్పుడు?" అన్నట్టుగా. రెండు మూడు రోజులు ఆలస్యమైతే మన పొడి అక్షరాలు మనకే అర్థం కావు.

సంగ్రహం వ్రాసేది మర్నాడు. కుడివైపు భాగాన్ని కాగితంతో మూసి, ప్రశ్నలకు పైకి జవాబు చెప్పుకోవాలి. తర్వాత అడుగున, చూడకుండా, మూడు నాలుగు వాక్యాలు వ్రాయాలి. నాది ఇదీ: "వస్తువు సొంత ధర మారితే ఉన్న రేఖమీదే కదులుతాం. ఆదాయం లాంటివి మారితే రేఖే జరుగుతుంది. సూత్రం నిలిచేది ఇతర విషయాలు మారనప్పుడే." చూసి ఎత్తివ్రాస్తే అది సంగ్రహం కాదు, రెండో కాపీ. చూడకుండా వ్రాయలేకపోయామంటే, పాఠం ఇంకా రాలేదన్నమాట.

ఫోన్లో, కంప్యూటరులో వ్రాసుకోవచ్చా అని మీరడగవచ్చు. 2014లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో, కంప్యూటరుమీద టైపు చేసిన విద్యార్థులు మాటలను యథాతథంగా ఎక్కువ దించుకున్నారని, భావం అడిగిన ప్రశ్నల్లో వెనకబడ్డారని తేలింది. తర్వాతి పరిశోధనల్లో ఆ తేడా అంత స్పష్టంగా కనబడలేదు. కాబట్టి తప్పు యంత్రానిది కాదు, దించుకోవటానిది. రేఖాపటాలున్న పాఠానికి చెయ్యే సుళువు. బోర్డు ఫొటో తీసుకుంటే, ఆ రాత్రే దాన్ని చూసి బొమ్మను మనమే గియ్యాలి. వీడియో పాఠమైతే పది నిమిషాలు విని, ఆపి, అప్పుడు వ్రాయాలి. లేకపోతే ఆపుతూ ఆపుతూ మళ్ళీ ప్రతి మాటా దించేస్తాం.

ఫోను నిజంగా పనికొచ్చేది చివర్లో. ఒక యూనిట్‌లోని పాఠాల అడుగు సంగ్రహాలన్నీ ఒకే పేజీగా టైపు చేసి, కలిసేవి కలిపి, తెలిసిపోయినవి తీసేస్తూ వుండవచ్చు. నా డిమాండు యూనిట్ అలా ఒక్క పేజీకి వచ్చింది. రెండోసారి పరీక్షకు బస్సులో వెళ్తూ చదువుకున్నది ఆ పేజీ ఒక్కటే. ఈసారి షరతు మర్చిపోలేదు. పేపరూ పోలేదు.